పట్టీ లేని నకలు

మంచినీళ్ళ ఆఫీసులో ఆయన్ని పేరుతో పిలిచేవాళ్ళు లేరు. చిన్నవాళ్ళకు నకళ్ళ బాబాయ్, పెద్దవాళ్ళకు నకళ్ళాయన. ఆయన కూర్చునే రికార్డు గది మెట్ల కింద ఉండేది. కిటికీ ఒక్కటే, అదీ సైకిళ్ళ స్టాండు వైపు. ఆఫీసు వెబ్‌సైటులో జనానికి ఏం కనిపించిందో రోజూ దానికొక నకలు తీసి దాచడం ఆయన పని. వినడానికి ఇంతే. చేసి చూసినవాడికి తెలుస్తుంది.

వయసులో ఉన్నప్పుడు జిరాక్సు షాపులో పనిచేశాడు. లావుపాటి పుస్తకాన్ని గాజు మీద బోర్లించినప్పుడు కుట్టు తెగకుండా, మధ్యలో నల్లటి నీడ పడకుండా ఎంత నొక్కాలో ఆయన అరచేతికి తెలుసు. అంచు వంకరపోయిన కాగితాన్ని ఎవరి చేతిలోనూ పెట్టేవాడు కాదు. "నకలంటే, అసలు పక్కన పెడితే అసలుకే అనుమానం రావాలి" అనేవాడు. మాటలు చెప్పడం చేతకాదు కాబట్టి ఆ ఒక్క మాటే అందరి దగ్గరా వాడుకునేవాడు.

నోటీసులు గోడ మీది బోర్డు నుంచి వెబ్‌సైటులోకి ఎక్కిన కొత్తలో ఆయన రోజూ పొద్దున్నే బ్రౌజరు తెరిచి, పేజీని పీడీఎఫ్‌గా ప్రింటు కొట్టి, తారీకు వేసి దాచేవాడు. జ్వరం వస్తే ఆ రోజు నకలు ఉండేది కాదు. అలాంటి ఖాళీ తారీకు ఆయనకు పంటి కింద రాయి. ఎవరినో అడిగితే "స్క్రిప్టు రాసుకో, అదే తీస్తుంది" అన్నారు గానీ ఎలా రాయాలో చెప్పినవాళ్ళు లేరు. ఇంటర్నెట్టులో వెతికి, అర్థమైనంత అర్థం చేసుకుని, కానిదాన్ని విరగ్గొట్టి చూసి నేర్చుకున్నాడు. చివరికి తెర మీద కనిపించకుండా వెనకాల నడిచే బ్రౌజరు ఒకటి, దాన్ని పొద్దున్నే నిద్రలేపే షెడ్యూలరు ఒకటి కుదిరాయి. ఆయన గొడుగు మడిచి గదిలోకి వచ్చేసరికి నకలు ఫోల్డరులో కూర్చుని ఉండేది.

పని అక్కడితో తెమల్లేదు. మొదటి నకళ్ళలో కింది బొమ్మలన్నీ బూడిదరంగు డబ్బాలుగా వచ్చాయి. పేజీని కిందికి జరిపితే తప్ప ఆ బొమ్మలు రావని కనుక్కుని, నకలు తీసేముందు పేజీని అడుగుదాకా నెమ్మదిగా జరిపి మళ్ళీ పైకి తెచ్చే ఏర్పాటు చేశాడు. ప్రింటు అనగానే కొన్ని పేజీలు వేషం మారుస్తాయి. రంగులు తీసేస్తాయి, సగం సరుకు దాచేస్తాయి. అందుకని తెర మీది వేషంలోనే ప్రింటు ఇమ్మని స్క్రిప్టుకు చెప్పాడు. ప్రతి ఫైలుకూ వేలిముద్రలాంటి ఒక అంకె తీయించి భద్రపరిచాడు. ఫైల్లో తర్వాత ఎవరైనా ఒక్క చుక్క మార్చినా ఆ అంకె మారిపోతుంది.

ఒక్క చిరాకు మిగిలింది. తెరకు అతుక్కుని ఉండేవి కొన్నుంటాయి, పేజీని ఎంత జరిపినా ఉన్నచోటి నుంచి కదలవు. కుకీలకు ఒప్పుకోమని అడిగే పట్టీ ఒకటి, "మీకేం సాయం కావాలి?" అనే గుండ్రటి బుడగ ఒకటి. తెర మీద ఏదో మూల పడి ఉంటాయి. పీడీఎఫ్ అయ్యేసరికి ప్రతి పుట మీదా అదే చోట ప్రత్యక్షమై కిందున్న వరసల్ని మింగేస్తాయి. ఏ వీధికి ఏ వేళ నీళ్ళొస్తాయో చెప్పే పట్టికలో పుటకో వీధి ఆ బుడగ కింద మునిగిపోయేది. ఆయన స్క్రిప్టులో ఒక వరస చేర్చాడు. తెరకు అతుక్కున్నది ఏదైనా సరే, నకలు తీసేముందు దాచెయ్యి, అని.

మర్నాడు నకలు కడిగిన ముత్యంలా వచ్చింది. సూపరింటెండెంటు తిరగేసి చూసి "ఇదయ్యా పనంటే" అన్నాడు. అలాంటి మాట ఆ ఆఫీసులో గోడలకు కూడా కొత్త.

కొంతకాలానికి వెబ్‌సైటును మళ్ళీ కొత్తగా చేయించారు. బయటి కంపెనీవాళ్ళు వచ్చి అంతా మార్చి వెళ్ళారు. మెట్ల కింద గదికి ఎవరూ కబురు చెప్పలేదు. ఆయనే గమనించి, నకలును అసలు పక్కన పెట్టి వరస వరసా సరిచూసుకున్నాడు. బొమ్మలొచ్చాయి, పట్టికలొచ్చాయి, తప్పిపోయింది ఏదీ లేదు. అత్యవసర నోటీసు అంటూ ఆ రోజు వెబ్‌సైటులో ఏమీ లేదు. ఉండి ఉంటే బాగుండేది.

వానలు ముదిరిన రోజుల్లో రైలుగేటు అవతల పెద్ద గొట్టం పగిలి మురుగు కలిసింది. పగలంతా తవ్వి సాయంత్రానికి అతికించారు. కానీ అప్పటికే ఆ నీళ్ళు బిందెల్లోకి, బిందెల్లోంచి కడుపుల్లోకి వెళ్ళిపోయాయి. గేటు అవతలి కాలనీకి కాలనీయే ఆస్పత్రి వరండాలో పడుకుంది. ఒక ముసలాయన లేవనే లేదు.

రెండు నెలలు గడిచాక విచారణ మొదలైంది. నీళ్ళు మరిగించి తాగమని జనానికి వెబ్‌సైటులో చెప్పారా, లేదా? తేలవలసింది అదొక్కటే. "తెల్లవారుజామునే ఫోను చేసి పెట్టమన్నాను. పెట్టిందో లేదో చూడటం నా పని కాదు" అన్నాడు ఇంజినీరు. పెట్టవలసింది కాంట్రాక్టు మీద పనిచేసే ఆపరేటరమ్మాయి. వెబ్‌సైటులో ఏం పెట్టాలన్నా, ఏం తియ్యాలన్నా ఆమే. "పక్కమీంచి లేచీ లేవగానే పెట్టాను. సాయంత్రం గొట్టం బాగయ్యాక తీసేశాను" అంది. మిగతా ఆఫీసంతా చూడలేదంది. ఆ మాట మాత్రం నిజమే. సొంత ఆఫీసు వెబ్‌సైటు తెరిచి చూసే తీరిక అక్కడ ఎవరికుంది?

"వాదనలెందుకు? మన నకళ్ళాయన దగ్గర ఉండనే ఉందిగా" అన్నాడు సూపరింటెండెంటు.

అడగడమే తరువాయి, ఆయన ఆ తారీకు ఫైలు తీశాడు. వేలిముద్ర అంకె సరిపోయింది. ప్రింటు తీసి, కింద "వెబ్‌సైటులో కనిపించినదానికి ఇది యథాతథమైన నకలు" అన్న ముద్ర గుద్ది, సంతకం చేసి పైకి పంపాడు. అందులో నీళ్ళ వేళల పట్టిక ఉంది, ఫోను నంబర్లున్నాయి. మరిగించమన్న మాట ఎక్కడా లేదు. పాపం పిల్ల మరిచిపోయినట్టుంది, అనుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే ఆమె మెట్ల కింద గది గుమ్మంలో నిలబడింది.

"బాబాయ్, నేనేమన్నా నీకు అపకారం చేశానా?"

"అదేం మాటమ్మా? కూర్చో."

"కూర్చోడానికి రాలేదు. ఎర్రపట్టీ పెట్టాను బాబాయ్ నేను, పేజీ నెత్తిన. ఇంతింత అక్షరాలు. నీ నకల్లో లేదంటున్నారు. కళ్ళున్నవాడు తీసిన నకలేనా అది?"

"కళ్ళు నావి కాదమ్మా, బ్రౌజరువి. దానికి పక్షపాతం ఉండదు. ఏది ఉంటే అది..." అంటూ ఆగిపోయాడు. "పట్టీ అన్నావు. పేజీ జరిపితే అదీ పైకి పోతుందా?"

"పోదు. ఎంత కిందికెళ్ళినా నెత్తినే ఉంటుంది. జనం చూడకుండా పోకూడదనే కదా కంపెనీవాళ్ళు అలా పెట్టింది."

కుర్చీ కంప్యూటరు వైపు తిప్పుకుని వెబ్‌సైటు తాలూకు ఏది ఎలా కనిపించాలో రాసి ఉండే స్టైలు ఫైలు తెరిచాడు. వెతికితే దొరికింది. నోటీసు పట్టీ, తెరకు అతికించి ఉంచే రకం. కుకీల పట్టీ, సాయం బుడగ, నీళ్ళు మరిగించమన్న మాట, ఆయన స్క్రిప్టుకు మూడూ ఒకే జాతి. మూడింటినీ ఒకే చీపురుతో ఊడ్చేసింది.

"పట్టీని నేనే దాచానమ్మా" అన్నాడు.

ఆమె గుమ్మంలోంచి కదిలి వచ్చి కుర్చీలో కూర్చుంది. ఆయన వివరంగా చెప్పాడు. ఆమె అంతా వింది.

"అయితే సరే. నీ దగ్గర పేజీ అసలు కోడు ఉంటుందిగా, అందులో పట్టీ ఉంటుంది."

"కోడు దాచలేదు. పీడీఎఫ్ ఒక్కటే. డిస్కులో చోటు లేదని పైవాళ్ళు..."

"నేను నోటీసు రాసే డబ్బాలోనూ పాత మాటలు ఉండవు బాబాయ్. కొత్తది రాస్తే పాతది పోతుంది."

"సర్వరు లాగులు? ఎవరు ఎప్పుడు ఏం మార్చారో వాటిలో పడుతుందిగా?"

"కంపెనీవాళ్ళని అడిగాను. నెల దాటితే వాటంతటవే చెరిగిపోతాయట."

పేజీల నకళ్ళు దాచే బయటి ఆర్కైవు ఒకటి ఉందని ఆయనకు తెలుసు. అందులోనూ చూశాడు. అది గొట్టం పగలడానికి చాలా ముందు ఒకసారి వచ్చి వెళ్ళింది, మళ్ళీ ఈ గుమ్మం తొక్కలేదు.

అప్పుడు ఆయన పాత జిరాక్సు చేతికి ఏదో తట్టింది. ఆ తారీకు నకలును, ముందు రోజు నకలును పక్కపక్కన తెర మీద పెట్టాడు. ముందు రోజు ఆఫీసు పేరు పుట పైఅంచును తగులుతూ ఉంది. ఆ రోజు అదే పేరు కిందికి దిగి ఉంది. పైన తెల్లగా జాగా. పట్టీ ఉన్నప్పుడు దాని కింద పేజీ నలిగిపోకుండా కంపెనీవాళ్ళు మిగతాదంతా కిందికి జరిపే ఏర్పాటు చేశారు. స్క్రిప్టు పట్టీని దాచింది గానీ జరిగిన పేజీని వెనక్కి జరపలేదు. గోడ మీది పటం తీసేస్తే మిగిలే మరకలా ఆ జాగా మిగిలింది.

"చూశావా? ఉంది!" అంది ఆమె.

ఆయన పేజీని తన కంప్యూటరులోకి దించుకుని, పట్టీలో ఆమె చెప్పిన మాటల్ని అక్షరం పొల్లుపోకుండా వేసి చూశాడు. అవి రెండు వరసలయ్యాయి. ఆ తారీకు జాగా ఎత్తు కూడా సరిగ్గా రెండు వరసలకే పట్టింది. ఆమె గట్టిగా నవ్వేసింది. ఆయన మాత్రం ఇంకా వెనక్కి వెళ్ళి పాత నకళ్ళు తిప్పుతూ ఉన్నాడు. బిల్లుల కౌంటరుకు సెలవన్న రోజున అదే తెల్ల జాగా. ఫోను నంబరు మారిందన్న రోజున కూడా అదే, అదీ రెండు వరసలదే. నవ్వుతున్న పిల్లకు ఆ మాట చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

సంగతి విని సూపరింటెండెంటు తల పట్టుకున్నాడు.

"ఏమయ్యా, ముద్ర గుద్దింది నువ్వే, సంతకం పెట్టింది నువ్వే. ఇప్పుడొచ్చి అది నకలు కాదంటావేంటి?"

"నకలే సార్. కాకపోతే పట్టీ లేని నకలు."

"తల లేని మనిషి ఫొటో తెచ్చి మనిషి ఫొటోయే అన్నట్టుంది నీ వరస."

"ఆ కాగితం వెనక్కి ఇప్పించండి సార్."

"పోస్టులో వేసిన ఉత్తరమయ్యా అది. వెనక్కెలా వస్తుంది? వెళ్ళి అమ్మగారికే చెప్పుకో."

అమ్మగారంటే విచారణకు వచ్చిన అధికారిణి. ఆమె విసుక్కోలేదు, తొందరపెట్టలేదు. ఆయన రెండు నకళ్ళూ పరిచి చూపిస్తుంటే కళ్ళద్దాలు పెట్టుకుని వంగి చూసింది. అర్థం చేసుకుంది కూడా. ఆయనకు ఎటూ పాలుపోకుండా చేసింది అదే. అర్థం కానివాళ్ళకైతే మళ్ళీ చెప్పవచ్చు.

"అంటే ఆ రోజు పట్టీ ఏదో ఉంది. ఒప్పుకుంటాను" అంది. "అందులో ఏ అక్షరాలున్నాయో మీ నకలు చెబుతుందా?"

"చెప్పదండి."

"ముందు రోజు పెట్టి తీయడం మరిచిపోయిన సెలవు నోటీసు కూడా అయి ఉండొచ్చు కదా?"

"ముందు రోజు జాగా లేదండి."

"రాత్రి పెట్టి ఉంటే?"

స్క్రిప్టు పొద్దున ఒక్కసారే చూస్తుంది. మిగతా రోజంతా అది గుడ్డిది.

"ఇంకోటి కూడా ఆలోచించుకోండి" అంది ఆమె మెల్లగా. "మీరు చెప్పింది నేను రాసుకుంటే ఆ అమ్మాయి నోటీసు పెట్టినట్టు తేలదు. ఇన్నాళ్ళూ మీరు సంతకం చేసి ఇచ్చిన నకళ్ళన్నీ మాత్రం తేలిపోతాయి. రాసుకోమంటారా?"

"రాసుకోండి" అన్నాడు ఆయన. ఆమె రాసుకుంది.

ఇక మిగిలింది మనుషులు. పట్టీని ఎవరైనా ఫోనులో చూసి, స్క్రీన్‌షాటు తీసుకుని ఉంటే చాలు. సెలవు పెట్టి రైలుగేటు అవతల ఇల్లిల్లూ తిరిగాడు. మంచినీళ్ళ ఆఫీసు అనగానే సగం తలుపులు మొహం మీదే మూసుకున్నాయి. ఒక ఇంటి ముందు ముసలాయన చెప్పులు ఇంకా అలాగే ఉన్నాయి. ఆ తలుపు ఆయన తట్టలేదు.

గేటు దగ్గర మందుల షాపతను మాత్రం ఠక్కున అన్నాడు. "ఎర్రపట్టీయేగా? చూశాను అన్నా. మా ఆవిడకు కూడా చూపించాను. ఆ రోజు మా ఇంట్లో మరిగించే తాగాం, అందుకే ఇలా నిలబడి మాట్లాడుతున్నా."

ఆయన కౌంటరు మీదికి వంగాడు. "ఫొటో తీశారా?"

"తీసే ఉంటా. నాకు ప్రతిదీ తీసే రోగం ఉంది." ఫోను తీసి వేలితో పైకి, కిందికి తోశాడు. మందు చీటీలు, మనవడి మొహం, మళ్ళీ మందు చీటీలు. "ఉండు... లేదే. ఫోను నిండిపోయిందని మొన్న మావాడు అంతా తుడిచేశాడు."

"ఏ రోజు చూశారో అయినా రాసిస్తారా?"

అతను కౌంటరు మీది దుమ్మును చేత్తో ఒక పక్కకు నెట్టాడు. "రాయడమంటే... రోజు కచ్చితంగా ఎలా చెప్పను అన్నా? వానపడే రోజు. నువ్వు సోమవారం అంటే సోమవారం, మంగళవారం అంటే మంగళవారం. అలా రాస్తే అది సాక్ష్యమవుతుందా, నీ మొహం చూసి రాసిందవుతుందా?"

అతని మాటలో తప్పేమీ లేదు. ఆయన అక్కడే నిలబడి తలనొప్పి మాత్రలు కొనుక్కుని వచ్చేశాడు.

ఇంట్లో భార్య కంచం ముందు పెట్టి చూస్తూ కూర్చుంది. "ఏమండీ, మెతుకులు లెక్కపెడుతున్నారా?"

"ఆ వరస రాసినప్పుడు నీకు చెప్పానా? నకలు శుభ్రంగా వస్తోందని?"

"చెప్పారు. ఆ రోజు నాకు పూలు కూడా తెచ్చారు." పెరుగు వడ్డిస్తూ అంది, "చెడగొట్టాలని చేశారా ఏమిటి?"

"బాగుచెయ్యాలనే చేశాను. అదే మింగుడు పడటం లేదు."

స్క్రిప్టు మాత్రం సరిచేశాడు. అది చెయ్యడానికి ఒక పూట కూడా పట్టలేదు. ఇప్పుడు దేన్నీ దాచకుండా తెరను ఉన్నదున్నట్టు ముందొక నకలు తీస్తుంది, ఆ తర్వాతే అతుక్కున్నవాటిని దాచి ఇంకొకటి. రెండింటితో పాటు పేజీ కోడును కూడా దాస్తుంది. చోటు కోసం సొంత డిస్కు తెచ్చి తగిలించాడు. మొదటి రకం నకళ్ళు చూసి సూపరింటెండెంటు మొహం చిట్లించాడు. "ఈ బుడగలేంటయ్యా, పొక్కుల్లాగా? పైకి పంపేవి మాత్రం శుభ్రంగా ఉండాలి." పైకి శుభ్రమైనవే వెళ్ళాయి.

నివేదిక వచ్చింది. నోటీసు పెట్టినట్టు రికార్డులో ఆధారం లేదని ఒక వాక్యం. రికార్డు తీసే పద్ధతిలో లోపం ఉందని, దాన్ని సవరించాలని ఇంకో వాక్యం. మొదటి వాక్యం ప్రకారం ఆ అమ్మాయి కాంట్రాక్టు పొడిగించలేదు. రెండో వాక్యం ప్రకారం ఆయనకు ఒక మెమో వచ్చింది. దాని మీద కూడా సంతకం చేసి పంపాడు.

విచారణ మొదలైన రోజే ఆమె పాస్‌వర్డు తీసేశారు. చివరి రోజున, కొత్తగా చేరిన ఆపరేటరు పాస్‌వర్డుతో ఆ పిల్లకు పని చూపించమని ఈమెను ఒక పూటకు కూర్చోబెట్టారు. ఆయన కూడా పైకి వెళ్ళి వెనకాల నిలబడ్డాడు. ఎందుకొచ్చావని ఆమె అడగలేదు.

"ఇదిగో, ఇదీ నోటీసు డబ్బా" అని కొత్తమ్మాయికి చెబుతోంది. "ఇక్కడ రాసి, ఈ బటను నొక్కితే జనానికి కనిపిస్తుంది. ఏదో ఒకటి రాసి చూద్దాం." పరీక్ష అని కొట్టి నొక్కింది.

తెర పైఅంచున ఎర్రపట్టీ విచ్చుకుంది. పేజీ మొత్తం ఒక్క కుదుపుతో కిందికి జరిగింది. తన కంప్యూటరులో వేసి చూసుకున్నది కాక, అసలు వెబ్‌సైటులో ఆ పట్టీని ఆయన కళ్ళతో చూడటం అదే మొదటిసారి. అక్షరాలు నిజంగానే పెద్దవి. గది అవతలి మూల నుంచి కూడా చదవొచ్చు.

"ఎంత సేపు ఉంచాలి అక్కా?" అంది కొత్తమ్మాయి.

"చూసేవాళ్ళు చూసేదాకా" అని, ఆమె వెనక్కి తిరగకుండానే అడిగింది. "ఇప్పుడు తీస్తే వస్తుందా బాబాయ్, నీ నకల్లో?"

"వస్తుందమ్మా."

"కింద తీసి చూపించవూ?"

ఆయన మెట్లు దిగి వెళ్ళాడు. స్క్రిప్టును చేత్తో నడిపాడు. నకలు వచ్చింది. ఎర్రపట్టీ, దాని మధ్యలో తెల్ల అక్షరాలు, కింద ఆఫీసు పేరు. ప్రింటు తీసి, సిరా ఆరేదాకా ఊది పట్టుకొచ్చాడు. ఆయన పైకి వచ్చేసరికి తెర మీద పట్టీ లేదు. ఆమె సంచీ సర్దుకుంటోంది. కాగితం అందుకుని కాసేపు చూసింది.

"బాగా వచ్చింది" అంది.

కాగితాన్ని మడవకుండా, నలగకుండా సంచీలో ఒక పుస్తకం మధ్యన పెట్టుకుని మెట్లు దిగిపోయింది.